మిల్లు గంపగుత్తగా అమ్మితే లాభం ఎంత? అపోహలు - వాస్తవాలు

అపోహ: నికర విలువ అంటే బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న అంకె.

2025 జూన్‌లో తణుకు వైపు ఒక రైస్ మిల్లును అప్పులతో సహా గంపగుత్తగా 2 కోట్ల 80 లక్షలకు అమ్మారు. అంకెలు గుండ్రం చేసి చెబుతున్నాను. "నికర విలువ రెండున్నర కోట్లుంది, లాభం 30 లక్షలేగా" అనుకుంటూ వచ్చారు యజమాని. పుస్తకాల్లో స్థలం కోటిన్నర, బిల్డింగు 40 లక్షలు, మిషనరీ 50 లక్షలు, సరుకు, రావలసిన బాకీలు కలిపి కోటీ 10 లక్షలు. అప్పులు కోటి.

వాస్తవం: ఆ కోటిన్నర బ్యాంకు లోను కోసం పెంచి రాసుకున్నది. కొన్నది 12 లక్షలకే. ఈ అమ్మకానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 50బి ప్రకారం ఇలా పెంచిన విలువను లెక్కలోకి తీసుకోరు. బిల్డింగుకు, మిషనరీకి కూడా పుస్తకాల్లోని విలువ పనికిరాదు, ఆదాయపు పన్ను తరుగుదల పట్టికలో మిగిలిన విలువే తీసుకోవాలి. అది 60 లక్షలు. అంటే 12, 60, 110 కలిపి, అప్పులు వంద తీసేస్తే నికర విలువ 82 లక్షలు.

ఆయన మొహంలో రంగు మారింది. ఇంకా ఒక మెట్టు మిగిలే ఉంది.

అపోహ: చేతికొచ్చిందే అమ్మకపు ధర.

వాస్తవం: అదే చట్టం కింది రూల్ 11యూఏఈ ప్రకారం ఇంకో విలువ కూడా కట్టి, రెండింట్లో ఏది ఎక్కువైతే దాన్నే ధరగా తీసుకోవాలి. ఇక్కడ స్థలానికీ బిల్డింగుకీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు విలువ వేస్తారు. కాలవ గట్టున, రోడ్డు పక్కన ఉన్న మిల్లు కాబట్టి అది 2 కోట్ల 40 లక్షలు. మిషనరీకి మాత్రం ఈసారి పుస్తకాల విలువే, 50 లక్షలు. సరుకు, బాకీలు కలిపి అప్పులు తీసేస్తే 3 కోట్లు. వచ్చింది 2.80 అయినా ధర 3 కోట్లే. లాభం 2 కోట్ల 18 లక్షలు. మిల్లు 36 నెలలు దాటి ఆయన చేతిలో ఉంది కాబట్టి పన్ను 12.5 శాతం: 27 లక్షల 25 వేలు, దానిపై సర్‌చార్జీ, సెస్సు. ఆయన అనుకున్నది 3 లక్షల 75 వేలు.

చేతికి రాని 20 లక్షల మీద పన్నేమిటని ఆయన బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. అందుకే అడ్వాన్సు పుచ్చుకోకముందే రిజిస్ట్రేషన్ విలువ, తరుగుదల పట్టిక తెచ్చి చూపించమని నేను ప్రతి ఒక్కరినీ బతిమాలుతుంటాను. సంతకాలయ్యాక ధర మార్చుకోలేరు.

అపోహ: స్థలం పాతది కాబట్టి, ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేసే ఇండెక్సేషన్ వస్తుంది.

వాస్తవం: గంపగుత్త అమ్మకానికి రాదు.

అపోహ: దస్తావేజులో స్థలానికి విడిగా ధర వేస్తే గంపగుత్త కాకుండా పోతుంది.

వాస్తవం: స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కోసం మాత్రమే వేస్తే పోదు. అదే ఒప్పందంలో బాయిలర్‌కింత, సార్టెక్స్‌కింత అని విడివిడిగా ధరలు రాస్తే మాత్రం అది ఒక్కో ఆస్తి అమ్మకం కిందికి వెళుతుంది. అప్పుడు పైన వేసిన లెక్కంతా మారిపోతుంది.