అలర్జీ మాత్ర: మత్తు తెలియకపోయినా ఉంటుంది

తుమ్ములకూ దద్దుర్లకూ కారణమైన హిస్టమిన్, మెదడులో మనల్ని మెలకువగా ఉంచే పని కూడా చేస్తుంది. అందుకే మెదడులోకి చేరే అలర్జీ మాత్ర ముక్కు కారడంతో పాటు మన చురుకుదనాన్నీ తగ్గిస్తుంది. ఎవిల్‌లోని ఫెనిరమైన్, జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్, దగ్గు సిరప్పుల్లోని డైఫెన్‌హైడ్రమైన్ ఈ పాత తరానివి. ఫెక్సోఫెనడిన్ అలా కాదు. మెదడు రక్తనాళాల గోడల్లో ఉండే ప్రోటీన్ దాన్ని ఎప్పటికప్పుడు బయటికి నెట్టేస్తుంది. సెట్రిజిన్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది: 10 మిల్లీగ్రాములు చాలామందికి పడుతుంది, కొందరిని మాత్రం మగతలో పడేస్తుంది.

అసలు చిక్కు నిద్ర ముంచుకురావడం కాదు, అది రాకుండానే చురుకుదనం తగ్గిపోవడం. 2000లో అమెరికాలోని అయోవాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద జరిగిన పరీక్షలో, 50 మిల్లీగ్రాముల డైఫెన్‌హైడ్రమైన్ వేసుకున్నవాళ్లు మద్యం తాగినవాళ్లకన్నా అధ్వానంగా బండి నడిపారు. తమకెంత మత్తుగా ఉందో వాళ్లు చెప్పినదానికీ, నడిపిన తీరుకూ పెద్దగా పొంతన కుదరలేదు. ‘నాకేం కాలేదు, బాగానే ఉన్నాను’ అనే మాటను డ్రైవరు నమ్ముకోకూడదనేది అందుకే.

ఇక టైము లెక్క. నైట్ షిఫ్ట్ ముగించుకొచ్చిన ఒకాయన పొద్దున 8కి, ఎలాగూ పడుకుంటాను కదా అని క్లోర్‌ఫెనిరమైన్ వేసుకున్నాడనుకుందాం. పెద్దవాళ్లలో ఆ మందు రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 20 గంటలు పడుతుంది. రాత్రి 10కి మళ్లీ డ్యూటీ ఎక్కేసరికి సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. రోజూ వేసుకుంటే పాతదాని మీద కొత్తది పేరుకుంటుంది. పరీక్ష ముందురోజు రాత్రి వేసుకున్న విద్యార్థిదీ ఇదే పరిస్థితి: నిద్ర పట్టినా పొద్దున తల దిమ్ముగానే ఉంటుంది.

అందువల్ల డ్రైవరు, నైట్ షిఫ్ట్ ఉద్యోగి, విద్యార్థి, ఈ ముగ్గురికీ నేను ముందు చెప్పేది ఫెక్సోఫెనడిన్. తుమ్ములకు పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకొకసారి 120 మిల్లీగ్రాములు, దద్దుర్లకు 180. దీన్ని మంచినీళ్లతోనే మింగాలి. బత్తాయి, ఆపిల్ లాంటి పండ్లరసాలతో వేసుకుంటే పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్పుకూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ‘ఈ మాత్ర పనిచేయట్లేదు’ అనేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

సెట్రిజినే వాడాలనుకుంటే మొదటి మాత్రను మర్నాడు సెలవున్న రాత్రి వేసుకొని చూడండి. తగ్గలేదని రెండు వేసుకుంటే మెదడులోకి చేరేదీ పెరుగుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మామూలు మోతాదే ఎక్కువ కావచ్చు, డాక్టరును అడగాల్సిందే. ఎంత మంచి అలర్జీ మాత్రయినా ముక్కుదిబ్బడ మీద అంతగా పనిచేయదు. దానికి డాక్టరు రాసే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే మేలు.

మత్తులేని మాత్ర వేసుకుంటూనే, జలుబు చేసిందని మందుల షాపులో ఇంకో మాత్ర కొనుక్కునేవాళ్లున్నారు. అలాంటి మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్‌తో పాటు క్లోర్‌ఫెనిరమైన్ కూడా ఉంటుంది. బండి తీసే ముందు ఆ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి.