"ట్రై చేస్తాం మేడం" అంటే జర్మనీలోని హాంబర్గ్‌లో ఏం అర్థమవుతుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: "మనం చెప్పాం. వాళ్లే అర్థం చేసుకోలేదు."

విదేశీ టీములతో పనిచేసే ఆఫీసుల్లో, గుంటూరైనా విజయవాడైనా, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ ఒక్క మాటే.

వాస్తవం: నోటితో అన్నంత వరకే వాళ్లకు చేరింది. పెళ్లిచూపులయ్యాక "ఇంటికెళ్లి మాట్లాడుకుని కబురు చేస్తాం" అని లేచిపోతే, ఆ కబురు కోసం మన దగ్గర ఎవరూ ఎదురుచూడరు. వద్దన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది. అర్థంలో సింహభాగం ఇలా సందర్భంలోనే ఉండిపోతే దాన్ని హై కాంటెక్స్ట్ అన్నాడు అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్, 1976లో. జర్మన్లను ఆయన పెట్టింది అవతలి కొసన, లో కాంటెక్స్ట్ వైపు. అక్కడ చెప్పదలుచుకున్నదంతా మాటల్లోనే ఉండాలి.

ఒక ఉదాహరణ చూడండి. మిర్చి పొడి ఎగుమతి చేసే కంపెనీ. క్వాలిటీ ఇన్‌ఛార్జి గుంటూరులో, షిప్‌మెంట్ ప్లానర్ హాంబర్గ్‌లో. యూరప్‌కు వెళ్లే మిర్చిలో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అందులో బి1 రకం 5 దాటకూడదు. అందుకని ల్యాబ్ రిపోర్టు చూడకుండా కంటైనర్ కదలదు. మార్చి మొదటి వారం, సీజన్ మంచి ఊపు మీదుంది. సోమవారం కాల్‌లో ప్లానర్ అడిగింది: "గురువారం సాయంత్రానికి రిపోర్టు వస్తుందా?" ఇన్‌ఛార్జి ఒక్క క్షణం ఆగి, "ల్యాబ్‌లో చాలా రష్ ఉంది మేడం, ట్రై చేస్తాం" అన్నాడు.

మన చెవికి ఇందులో సమాధానం మూడుసార్లు వినిపిస్తుంది: ఆ ఆగడంలో, "రష్" అన్న మాటలో, తేదీ నోట రాకపోవడంలో. ఆమె చెవికి రష్ అనేది ఉత్త నేపథ్యం. పనికొచ్చే ముక్క "ట్రై చేస్తాం" ఒక్కటే. శుక్రవారానికి కంటైనర్ బుక్ చేసేసింది. గురువారం రిపోర్టు రాలేదు. ఆమె మెయిల్ మూడు వాక్యాలు: గురువారం అన్నారు, రాలేదు, ఎప్పుడొస్తుంది? సీసీలో మేనేజరు. ఆమె లెక్కలో సీసీ అంటే విషయం తెలియాల్సినవాళ్లకు తెలియజేయడం. ఇతని లెక్కలో నలుగురిలో నిలబెట్టి అడగడం. అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. మరుసటి వారం నుంచి ఇతను ఆ "రష్ ఉంది" అన్న సూచన కూడా ఇవ్వడు, "ఓకే మేడం" అని ఊరుకుంటాడు. సూచనలు ఆగిపోయి ఓకేలు పెరిగాయంటే ఆ టీములో మాట తెగిపోయిందని లెక్క.

సోమవారం ఏమనాలి? "గురువారానికి రాదు. మన శాంపిల్ వంతు బుధవారం వస్తుంది, రిపోర్టు శనివారం. శుక్రవారం బుకింగ్ తర్వాతి షిప్‌కి మార్చగలరా? ల్యాబ్‌తో మాట్లాడి రేపు మధ్యాహ్నం 3కి, మీకు ఉదయం 10:30కి, ఖాయం చేస్తాను." ముందు అవునో కాదో, తర్వాత తేదీ, కారణం ఒక్క ముక్కలో, చివర వాళ్లు చేయాల్సిన పని. మనవాళ్లు కారణంతో మొదలుపెట్టి కాదనే చోటికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తారు.

"కాదంటే ఉద్యోగానికి ఎసరొస్తుందేమో" అన్న భయం కొత్తగా చేరినవాళ్లలో చాలా ఉంటుంది, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ సోమవారం "రాదు" అంటే బుకింగ్ మారుతుంది, అంతే. అదే మాట గురువారం తెలిస్తే కంటైనర్ ఆగుతుంది, పేరు పోతుంది.

అపోహ: "ఇంగ్లిష్ గట్టిగా వస్తే చాలు."

పై కాల్‌లో ఇంగ్లిష్ తప్పు ఒక్కటి చూపించండి.

అపోహ: "లో కాంటెక్స్ట్ వాళ్లంతా మొహం మీదే అనేస్తారు."

ఈ రెండూ వేర్వేరు కొలతలు. అమెరికన్లు పని విషయం విడమరిచి చెబుతారు, తప్పు మాత్రం మెత్తగా చుట్టి చెబుతారు. మూడు పొగడ్తల మధ్య "ఇది ఇంకోసారి చూస్తే బాగుంటుంది" అన్నారంటే తిరిగి చేయమనే. మనవాళ్లు పొగడ్తలు మాత్రమే ఇంటికి పట్టుకెళ్తారు. ఫ్రెంచివాళ్లు దీనికి తిరగేసి: మాట వాళ్లకంటే గూఢంగా ఉన్నా, తప్పును సూటిగానే ఎత్తి చూపుతారు.

అపోహ: "జపాన్‌వాళ్లూ మనలాగే హై కాంటెక్స్ట్, కాబట్టి ఇబ్బంది లేదు."

ఇబ్బంది ఎక్కువ. వాళ్ల సందర్భం వాళ్లది, మన సందర్భం మనది. చెప్పకుండా వదిలింది ఇటూ చేరదు, అటూ చేరదు.

టీము నడిపేవాళ్లకు ఒక మాట. "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడగడం మానండి, దానికి వచ్చే జవాబు మీకు ముందే తెలుసు. "ఏ రోజుకు అవుతుంది, దాన్ని ఆపగలిగేది ఏమిటి?" అని అడగండి. కాల్ అయిన గంటలోపు మూడు లైన్ల మెయిల్ వెళ్లాలి: ఏం, ఎవరు, ఎప్పటికి. అది పని అప్పజెప్పినవాళ్లు కాకుండా ఒప్పుకున్నవాళ్లు రాయాలి. తేదీ దగ్గర చెయ్యి ఆగిందంటే, ఆ తేదీ ఇంకా కుదరలేదని అప్పుడే బయటపడుతుంది.