వెదురు కర్ర గొట్టంలో వాన నీళ్ళు: సింగపూర్ డెంగీ వెనక కథ

సింగపూర్‌లో పాత ప్రభుత్వ ఫ్లాట్ల వంటగది కిటికీ బయట, గోడకు బిగించిన పొట్టి గొట్టాలు కనిపిస్తాయి. బట్టలు ఆరేసే వెదురు కర్రను వాటిలో గుచ్చుతారు. కర్ర తీసేశాక మూత పెట్టకపోతే వానకు ఆ గొట్టంలో కాసిని నీళ్ళు నిలుస్తాయి. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమకు ఆ మాత్రం చాలు. పదో అంతస్తుకి దోమలేం వస్తాయిలే అనుకునే ఇంట్లో, కిటికీ బయటే అది పుట్టి లోపలికి వస్తుంది. డెంగీ తనిఖీకి వచ్చినవాళ్ళు ఈ గొట్టాన్ని వదలకుండా చూసేది అందుకే.

అరవై ఏళ్ళ క్రితం వాళ్ళు వెతికిన చోట్లు వేరు. 1960లలో రక్తస్రావంతో కూడిన డెంగీ అక్కడ చిన్నపిల్లల ప్రాణాలు తీసేది. 1966 నుంచి 1968 దాకా ఊరంతా ఈడిస్ సర్వే చేశారు. నూరిళ్ళు చూస్తే ఎన్నింట్లో దోమ లార్వా దొరికిందన్నది లెక్క. మురికివాడల ఇళ్ళలో 27 శాతం, కింద దుకాణం పైన కాపురం ఉండే పాతకాలపు వరస ఇళ్ళలో 16 శాతం, అపార్ట్‌మెంట్లలో 5 శాతం ఇళ్ళలో లార్వా తేలింది. ఒకే ఊరు, ఒకే వాన, అయినా పేటకీ పేటకీ అంత తేడా.

ఆ తేడా మురుగు వల్ల వచ్చింది కాదు. కంపుకొట్టే కాలువలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. అది రాత్రి కుడుతుంది, నిద్ర చెడగొడుతుంది, డెంగీ మాత్రం తేదు. (కాలువ వాసన చూసి డెంగీ అని హడావిడి పడేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే.) ఈడిస్‌కు కావలసింది కాస్త తేటగా, కదలకుండా ఉండే నీళ్ళు. ఆనాటి సర్వేలో ఇంటి లోపల అన్నిటికన్నా ఎక్కువగా లార్వా దొరికింది ఎక్కడో తెలుసా? చీమలు ఎక్కకుండా అలమారా కాళ్ళ కింద పెట్టే నీళ్ళ గిన్నెల్లో. ఇంటి బయటైతే మట్టి జాడీల్లో. గిన్నెలో నీళ్ళు ఇంకితే మళ్ళీ పోస్తారు, కడగరు. ఈడిస్ గుడ్లు పెట్టేది సరిగ్గా నీటిమట్టానికి కాస్త పైన, తడి గోడ మీద. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు. నీళ్ళు పైకి రాగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమ సిద్ధం. నీళ్ళు పారబోస్తే సరిపోదు, గిన్నె అంచు గట్టిగా రుద్దాలి అని చెప్పేది ఇందుకే.

1968లో రోగాలు మోసే కీటకాల నిర్మూలనకు చట్టం వచ్చింది. ఇంట్లో దోమలు పుట్టే పరిస్థితి ఉంచితే జరిమానా వేయొచ్చు. కేసు వచ్చాక మందు కొట్టడం కాకుండా, కేసులు రాకముందే ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు వెతకడం అసలు పని అయింది. అదే కాలంలో మురికివాడలు ఖాళీ చేసి జనాన్ని కుళాయి నీళ్ళున్న ప్రభుత్వ ఫ్లాట్లకు మార్చారు. నీళ్ళు పట్టి దాచుకునే అవసరం తగ్గింది. ఘనత చట్టానికి ఎంత, కుళాయికి ఎంత అని ఎవరూ విడదీయలేరు గానీ, నన్నడిగితే కుళాయి వాటా తక్కువేం కాదు. 1970లు ముగిసేసరికి లార్వా దొరికే ఇళ్ళు నూటికి రెండుకు దిగాయి. దాదాపు పదిహేనేళ్ళు డెంగీ అదుపులో ఉంది.

ఆ తర్వాత జరిగిందే అసలు చిక్కుముడి. లార్వా లెక్క రెండు శాతం దగ్గరే ఉంది. కేసులు మాత్రం 1980ల చివరి నుంచి ఎక్కడం మొదలుపెట్టాయి. 2005లో 14 వేలు దాటాయి, 2013లో 22 వేలు, 2020లో 35 వేలు.

మొదటి కారణం కాస్త విడ్డూరంగా ఉంటుంది. దోమలు తగ్గాయి కాబట్టి డెంగీ సోకకుండానే పెరిగి పెద్దయిన తరం ఒకటి వచ్చింది. వాళ్ళ ఒంట్లో రోగనిరోధక శక్తి లేదు. ఊళ్ళో సగం మందికి ముందే సోకి ఉంటే, దోమ వైరస్‌ను మోసుకొచ్చినా చాలాసార్లు కాటు వృథా అవుతుంది. ఎవరికీ సోకని చోట కొద్ది దోమలతోనే గొలుసు సాగుతుంది. పైగా పెద్దవాళ్ళకు మొదటిసారి సోకితే, పిల్లల్లో కంటే జ్వరం బయటపడే అవకాశం ఎక్కువ. కేసుల్లో పెద్దల వాటా పెరగడంతో, ఇంట్లో కాకుండా పనిచేసే చోట కుట్టించుకుంటున్నారేమో అన్న అనుమానం కూడా బలపడింది. ఈడిస్ కుట్టేది పగలే కదా.

రెండోది, లెక్కలోనే ఉన్న లోపం. సీసా మూతలో మూడు లార్వాలున్న ఇల్లూ, డ్రమ్ములో వేలున్న ఇల్లూ ఆ సర్వేలో ఒకటే. లార్వాల్లో చాలావరకు దోమ కాకముందే చస్తాయి. లార్వా తర్వాతి దశ అయిన, కామా గుర్తులా వంగి ఉండే ప్యూపా మాత్రం రెండు మూడు రోజుల్లో దోమై లేస్తుంది. అందుకే ఎన్ని పాత్రలన్నది కాకుండా, ఎన్ని ప్యూపాలన్నది లెక్కపెట్టడం మంచిదని తర్వాత తేలింది.

అలా లెక్కపెడితే పేటల తేడా మళ్ళీ పైకి వచ్చింది. 2014 ఆగస్టు నుంచి ఏడాది పాటు గేలాంగ్ అనే పాత పేటలో పరిశోధకులు రెండు భాగాలను పోల్చారు. ఒకవైపు తక్కువ అంతస్తుల ఇళ్ళు, ఇంకోవైపు ఎత్తైన ఫ్లాట్లు. తక్కువ అంతస్తుల వైపు వెయ్యి మందికి సుమారు 27 మందికి డెంగీ వచ్చింది, ఎత్తైన ఫ్లాట్లలో రెండు మూడుకు మించలేదు. ప్యూపాలు కూడా, జనాభాతో పోల్చి చూస్తే, తక్కువ అంతస్తుల వైపే ఏడు రెట్లు.

ఈసారి నీళ్ళు దొరికింది ఇళ్ళ బయట, కాలువల్లో. ముందు చెప్పినదానికి ఇది ఎదురు కాదు. సింగపూర్‌లో మరుగుదొడ్డి నీళ్ళు వేరే పైపుల్లో పోతాయి, వీధి కాలువలోకి వచ్చేది వాన నీరే. ఆ కాలువ ఎక్కడైనా ముగిసిపోయినా, వాలు చెడినా వాన నీరు ఆగుతుంది, తేటగానే ఉంటుంది. తక్కువ ఎత్తు ఇళ్ళున్న చోట అదే జనాభాకు కాలువల పొడవు ఎక్కువ, ఆగే చోట్లూ ఎక్కువ. ఇంటి లోపల పూలకుండీ పళ్ళెం ఎంత కడిగినా, గుమ్మం ముందున్న కాలువను ఆ ఇంటివాళ్ళు కడగలేరు.

ఇప్పుడు అక్కడ ఎగిరే దోమలనే లెక్కపెడుతున్నారు. ఫ్లాట్ల వసారాల్లో నల్లటి డబ్బాలు వేలాడతాయి. అడుగున గడ్డి నానిన నీళ్ళు, లోపలి గోడకు జిగురు. గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ దోమ అతుక్కుపోతుంది. ఏ బ్లాకులో ఎన్ని పడ్డాయో చూసి తనిఖీ బృందాలను పంపుతారు. కేసులు వచ్చిన చోట్లను బట్టి ఇంకో లెక్క కూడా ఉంది. 150 మీటర్ల లోపల, 14 రోజుల వ్యవధిలో రెండు కేసులు వస్తే దాన్ని ఒక గుంపుగా గుర్తిస్తారు. ఈడిస్ సాధారణంగా ఎగిరేది అంత దూరమే.

2016 నుంచి వోల్బాకియా బాక్టీరియా ఉన్న మగ దోమలను కూడా వదులుతున్నారు. అవి కుట్టవు, వాటితో జతకట్టిన మామూలు ఆడ దోమ గుడ్లు పొదగవు. ఎత్తైన ఫ్లాట్లలో కింద మాత్రమే వదిలితే పైఅంతస్తుల్లోని ఆడ దోమలకు అందవు కాబట్టి, పెట్టెలు పట్టుకుని పై అంతస్తులకు కూడా ఎక్కి వదలాలి. వదలడం ఆపితే బయటి నుంచి వచ్చే దోమలతో సంఖ్య మళ్ళీ పెరుగుతుంది. అందుకని వారం వారం ఆ పెట్టెలు లిఫ్ట్ ఎక్కుతూనే ఉన్నాయి.