అన్నదమ్ముల లెక్కలో తరుగుదల ఎటు పోయింది?

మిర్యాలగూడ వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ముగిసిందనుకున్న వాటాల గొడవ మళ్లీ రాజుకుంది. ముగ్గురు అన్నదమ్ములు సమాన వాటాలతో నడిపిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అది. చిన్నవాడు 2024 మార్చి 31న పుస్తక విలువ ప్రకారం తన వాటా డబ్బు తీసుకుని బయటికి వచ్చాడు. ఏడాది తిరగ్గానే కంపెనీ తరుగుదలను, అంటే యంత్రాలు అరిగినందుకు ఏటా వాటి విలువలోంచి కోసే మొత్తాన్ని, లెక్కించే పద్ధతిని మార్చింది. బ్యాంకు లోను రెన్యువల్ కోసం పెట్టిన 2024-25 లెక్కల కాపీ చిన్నవాడి చేతికి వచ్చింది. అందులోని నోట్ చదివి అతను పెద్దమనుషుల దగ్గర అడిగిన మాట ఒక్కటే: “మిషన్లు అవే, షెడ్డు అదే. నేను పోంగనే అరుగుడు తగ్గిందా అన్నా?”

స్థిర వాయిదాల పద్ధతి, తగ్గుతున్న నిల్వల పద్ధతి ఏమిటన్నది ఇంటర్‌లో కామర్స్ చదివినవాళ్లకు కొత్త కాదు. మొదటిదానిలో ఏటా ఒకే మొత్తం కోస్తారు. రెండోదానిలో మిగిలిన విలువ మీద ఒకే శాతం కోస్తారు కాబట్టి మొదటి ఏళ్లలో కోత పెద్దది, తర్వాత చిన్నది. ఆడిటర్ల ఆఫీసుల్లో వీటిని ఎస్‌ఎల్‌ఎం, డబ్ల్యూడీవీ అంటారు. మిల్లు మారింది రెండోదాని నుంచి మొదటిదానికి.

లెక్క తేలికగా ఉండేందుకు 2019 ఏప్రిల్‌లో, యాసంగి వడ్లు దిగకముందే బిగించిన డ్రయ్యర్లు, సార్టెక్స్, ఎలివేటర్లు అన్నీ కలిపి కోటి రూపాయలు అనుకుందాం. కంపెనీల చట్టం రెండో షెడ్యూల్‌లో సాధారణ యంత్రాల ఆయుష్షు 15 ఏళ్లు. చివర్లో మిగిలే తుక్కు విలువ 5 శాతానికి మించకూడదు. స్థిర వాయిదాల్లో ఏడాదికి 6.33 లక్షలు. తగ్గుతున్న నిల్వల్లో అదే 15 ఏళ్లకు 5 లక్షల దగ్గర ఆగాలంటే రేటు 18.10 శాతం అవుతుంది. మొదటి ఏడాది 18.10 లక్షలు, రెండో ఏడాది 14.82, మూడో ఏడాది 12.14, అలా దిగుతూ పోతుంది. ఐదేళ్లు నిండేసరికి పుస్తకంలో మిగిలింది 36.84 లక్షలు. స్థిర వాయిదాల్లో అయితే 68.33 లక్షలు ఉండేది. తేడా 31.49 లక్షలు. మిల్లు అప్పుడు తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఉంది కాబట్టి ఐదేళ్ల లాభాల్లోంచి అంత సొమ్ము అదనంగా పోయింది. 15 ఏళ్లకూ కలిపి చూస్తే రెండింటిలోనూ కోసేది 95 లక్షలే. కానీ చిన్నవాడు 15 ఏళ్లు లేడు, ఐదో ఏట వెళ్లిపోయాడు.

ఈ గొడవకు అసలు ముడి 2016లో ఉంది. అంతకుముందు తరుగుదలకు ఏఎస్ 6 అనే ప్రత్యేక అకౌంటింగ్ ప్రమాణం ఉండేది. పద్ధతి మారిస్తే యంత్రం వాడుకలోకి వచ్చిన రోజు నుంచి కొత్త పద్ధతిలో తిరిగి లెక్కకట్టాలని, తేలిన తేడా మొత్తాన్ని ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలోనే చూపాలని అది చెప్పేది. అంటే ఇదే మార్పు ఆ రోజుల్లో జరిగుంటే 31.49 లక్షలు ఒక్క దెబ్బతో లాభంగా పైకి తేలేవి. మార్చినవాళ్లకు దాచుకునే వీలు ఉండేది కాదు. నష్టం వచ్చే ఏడాది పద్ధతి మార్చి లాభం చూపించేందుకూ కొందరికి ఇది పనికొచ్చేది, అది వేరే సంగతి.

2016 ఏప్రిల్ 1న లేదా ఆ తర్వాత మొదలైన లెక్కల సంవత్సరాలకు సవరించిన ఏఎస్ 10 వచ్చింది, ఏఎస్ 6 పోయింది. ఇప్పుడు పద్ధతి మార్పు అంటే అంచనా మార్పు మాత్రమే. గడిచినదాన్ని తవ్వరు, మిగిలిన విలువను మిగిలిన ఏళ్లకు పంచుతారు. మన మిల్లులో 36.84 లక్షల్లోంచి తుక్కు 5 లక్షలు తీసి పదేళ్లకు పంచితే ఏడాదికి 3.18 లక్షలు. పాత పద్ధతే సాగితే ఆరో ఏట 6.67 లక్షలు కోసేవాళ్లు. కాబట్టి చిన్నవాడు వెళ్లిన మరుసటి ఏడే లాభం సుమారు మూడున్నర లక్షలు పెరిగింది. తర్వాతి ఏళ్లలో ఆ లాభం సన్నగిల్లుతూ పోయి పదో ఏట తిరగబడుతుంది. ఆ సంవత్సరం పాత పద్ధతిలో కోత 3 లక్షలే ఉండేది.

2014లో రెండో షెడ్యూల్ వచ్చినప్పుడు పాత 14వ షెడ్యూల్ రేట్లు పోయి ఆయుష్షు లెక్క వచ్చింది. అప్పట్లో చాలా కంపెనీలు దాని గురించే టెన్షన్ పడ్డాయి. వాటాల గొడవలకు మాత్రం 2016 మార్పే ఎక్కువ పదును పెట్టింది.

పెద్దన్నల వాదన చిన్నదే. ఒప్పందంలో పుస్తక విలువ అని రాసుకున్నాం, ఆ రోజు పుస్తకంలో ఉన్న విలువే ఇచ్చాం. ట్యాక్స్ కోసం మార్చామని కూడా వాళ్లలో ఒకరు అన్నారు. ఆ రెండో మాట నిలవదు. ఆదాయపు పన్నులో యంత్రాలకు తగ్గుతున్న నిల్వల పద్ధతే నడుస్తుంది. ఆస్తులన్నిటినీ కలిపి బ్లాకుగా చూసే ఏర్పాటు 1988-89 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఉంది. సాధారణ యంత్రాల రేటు 15 శాతం. కంపెనీ తన పుస్తకంలో ఏ పద్ధతి పెట్టుకున్నా ఐదేళ్లలో పన్ను లెక్కలో కోసింది 55.63 లక్షలే, మిగిలింది 44.37 లక్షలే. స్థిర వాయిదాలు ఎంచుకునే వెసులుబాటు పన్నులో ఉన్నది కరెంటు తయారుచేసే, పంపిణీ చేసే సంస్థలకు. బియ్యం మిల్లుకు లేదు. పుస్తక లాభం మీద పడే మ్యాట్ అనే కనీస పన్ను ఉంటే కథ వేరుగా ఉండేది. ఈ మిల్లు 22 శాతం పన్ను పద్ధతిలో ఉంది కాబట్టి మ్యాట్ లేదు.

చిన్నవాడి లెక్కలోనూ ఒక పొరపాటు ఉంది. 31.49లో మూడో వంతు, అంటే పదిన్నర లక్షలు రావాలంటున్నాడు. పుస్తక విలువకూ పన్ను విలువకూ తేడా ఉన్నచోట వాయిదా పన్ను అనే పద్దు రాయాలి. స్థిర వాయిదాల్లో 68.33కూ 44.37కూ మధ్య తేడా మీద రేపు కట్టాల్సిన పన్ను అప్పుగా కూర్చుంటుంది. తగ్గుతున్న నిల్వల్లో పుస్తక విలువ పన్ను విలువ కంటే తక్కువ కాబట్టి అదే పద్దు ఆస్తివైపు ఉంటుంది. సర్‌ఛార్జి, సెస్సు కలిపి రేటు 25.17 శాతం. దాన్ని తీసేస్తే సొంత పెట్టుబడిలో తేడా 23.56 లక్షలు, ఒక వాటాకు 7.85 లక్షలు. నిజంగా మాట్లాడుకోవాల్సింది ఈ అంకె గురించి.

అయితే అతను పట్టుకున్న కొస గట్టిదే. ఏఎస్ 10 ప్రకారం పద్ధతిని ఏటా సమీక్షించాలి, యంత్రం నుంచి ప్రయోజనం పొందే తీరు గణనీయంగా మారితేనే పద్ధతి మార్చాలి. సార్టెక్స్ లాంటిది పాతబడేకొద్దీ రిపేర్లు పెరుగుతాయి, కొత్త మోడల్ వస్తుంది, కాబట్టి మొదట్లో ఎక్కువ కోయడం సబబే. ఐదేళ్లు అలా కోసి, ఆరో ఏట ఏం మారిందో కంపెనీ చెప్పాలి. నోట్‌లో ఉన్నది ఒకే వాక్యం, మరింత సముచితమైన ప్రదర్శన కోసం అని. అది పాత ఏఎస్ 6లో పనికొచ్చే మాట.

పెద్దమనుషులు 2022 వానాకాలం నుంచి డ్రయ్యర్ నడిచిన గంటల రిజిస్టర్, బాయిలర్ లాగ్‌బుక్ తెమ్మన్నారు. పెద్దన్న రిజిస్టర్ తెచ్చాడు. లాగ్‌బుక్ ఇంకా రాలేదు.