గూఢచారి యాప్: కనిపెట్టిన తరువాత, తీసేయడానికి ముందు

2025 జులైలో క్యాట్‌వాచ్‌ఫుల్ అనే ఆండ్రాయిడ్ యాప్ సమాచార నిల్వ బట్టబయలైంది. పిల్లల భద్రత కోసమని ప్రచారం చేసుకుంటూనే, తాను ఫోన్‌లో ఎవరికీ కనిపించనని గొప్పగా చెప్పుకున్న ఈ యాప్, యజమానికి తెలియకుండా ఫోటోలను, సందేశాలను, ఎప్పటికప్పుడు మారే లొకేషన్‌ను, మైక్ ద్వారా చుట్టుపక్కల మాటలను మరొకరికి చేరవేసేది. ఒక భద్రతా పరిశోధకుడు దాని సర్వర్‌లో కనిపెట్టిన లోపం వల్ల 62,000 మందికి పైగా కొనుగోలుదారుల ఈమెయిల్ చిరునామాలు, పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. నిఘాకు గురైన ఫోన్లు దాదాపు 26,000. అవి ఎక్కువగా ఉన్న దేశాల్లో మెక్సికో, కొలంబియాల తరువాత భారతదేశం కూడా ఉంది.

ఇలాంటి యాప్‌ను ఎక్కడో కూర్చున్న హ్యాకర్ పంపడం అరుదు. దీన్ని ఫోన్‌లో పెట్టడానికి ఎవరైనా ఆ ఫోన్‌ను కొన్ని నిమిషాలు చేతిలోకి తీసుకోవాలి, లాక్ తెలిసి ఉండాలి. అంటే అనుమానించవలసింది సాధారణంగా ఇంట్లోని వ్యక్తినో, ఒకప్పుడు ఇంట్లో ఉన్న వ్యక్తినో. యాప్ ప్లే స్టోర్‌లో దొరకదు కాబట్టి బ్రౌజర్ నుంచి ఫైలు దించి, తెలియని మూలాల నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి ఇచ్చి, హానికర యాప్‌లను పట్టుకునే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ తనిఖీని ఆపి, చివరికి ఐకాన్‌ను దాచేస్తారు. ఈ పనుల్లో ప్రతిదీ సెట్టింగ్స్‌లో ఏదో ఒక ఆనవాలును వదిలిపెడుతుంది. బ్యాటరీ త్వరగా అయిపోవడం, ఫోన్ వేడెక్కడం వంటి లక్షణాలను చాలామంది చెబుతుంటారు గాని, పాత ఫోన్లన్నీ ఆ పనే చేస్తాయి కాబట్టి వాటిని నమ్ముకోలేము.

అసలు ఆనవాలు Accessibility అనే అనుమతి దగ్గర దొరుకుతుంది. చూపు లేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ వంటి సాధనాల కోసం ఆండ్రాయిడ్ ఈ ఏర్పాటు చేసింది. ఇది చేతికి వచ్చిన యాప్ తెర మీద కనిపించే ప్రతి మాటనూ చదవగలదు, మన తరఫున బటన్లు కూడా నొక్కగలదు. వాట్సాప్ సందేశాలు దారిలో ఎంత గట్టిగా సంకేతీకరించబడినా ఇక్కడ ప్రయోజనం లేకపోవడానికి కారణం ఇదే: సందేశం విప్పబడి తెర మీదికి వచ్చాకే గూఢచారి దాన్ని చదువుతుంది. నోటిఫికేషన్లను చదివే అనుమతి కూడా ఇలాంటిదే, పంపినవారు తరువాత చెరిపేసిన సందేశాన్ని సైతం అది ముందే పట్టుకుంటుంది.

విజయవాడలో ఒక మహిళ ఉన్నారనుకుందాం. తాను ఎవరితోనూ చెప్పని విషయాలు భర్త నోట వినబడుతున్నాయి. ఆమె మొట్టమొదట చేయకూడని పని, ఆ ఫోన్‌లోనే ఈ సంగతి గురించి వెతకడం. తెరను చదివే యాప్ ఉంటే ఆ వెతుకులాట కూడా అతనికి చేరుతుంది. చదవడం, సలహా అడగడం స్నేహితురాలి ఫోన్ నుంచో, ఆఫీసు కంప్యూటర్ నుంచో జరగాలి. తరువాత భర్త దగ్గర లేని సమయంలో తన ఫోన్ సెట్టింగ్స్‌లో Accessibility తెరిచి, అక్కడ డౌన్‌లోడ్ చేసిన యాప్‌ల కింద ఏముందో చూడాలి. టాక్‌బ్యాక్ వంటివి కనిపిస్తే భయపడనక్కరలేదు. తాను ఎన్నడూ పెట్టుకోని, System Service వంటి నీరసమైన పేరున్న యాప్ అక్కడ ఆన్‌లో ఉంటే మాత్రం ఆగి చూడాలి.

ఆ పేరు నిజంగా సిస్టమ్‌దేనా అని తేల్చుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. సెట్టింగ్స్‌లోని యాప్‌ల పూర్తి జాబితాలో దాన్ని తెరిచినప్పుడు, ఫోన్‌తో పాటు వచ్చిన అసలైన సిస్టమ్ యాప్‌కు సాధారణంగా Disable అనే బటనే ఉంటుంది. సిస్టమ్ పేరు పెట్టుకుని కూడా Uninstall బటన్ చూపిస్తే, దాన్ని తరువాత ఎవరో తెచ్చి పెట్టి ఉండవచ్చు. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ తనిఖీ ఆగి ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. క్యాట్‌వాచ్‌ఫుల్‌కైతే ఇంకో దారి కూడా ఉండేది: ఫోన్ డయలర్‌లో 543210 కొట్టి కాల్ నొక్కితే దాగిన యాప్ తెర మీదికి వచ్చేది. పెట్టినవారు తమ సెట్టింగ్స్‌లోకి తిరిగి వెళ్లడానికి ఉంచుకున్న దొడ్డిదారి అది. ఆ ఒక్క యాప్‌కే పనికివచ్చే చిట్కా కాబట్టి, ఏమీ రాకపోతే ఫోన్ శుభ్రంగా ఉందని అనుకోకూడదు. యాంటీవైరస్ ఏమీ పట్టుకోకపోయినా అంతే.

యాప్ దొరికింది. చాలా సలహాలు ఇక్కడ వెంటనే తొలగించమంటాయి, నా ఉద్దేశంలో అది తొందరపాటు. యాప్ పోయిన క్షణం నుంచి అవతలి వ్యక్తి చూసే పేజీలో సమాచారం ఆగిపోతుంది, విషయం బయటపడిందని అతను గ్రహిస్తాడు. అదుపు తప్పుతోందని తోచినప్పుడు కొందరు హింసకు దిగుతారు. అందుకే ముందుగా ఆమె ఎక్కడ ఉంటారు, ఎవరికి చెప్పారు అన్నవి తేలాలి. మహిళా హెల్ప్‌లైన్ 181కి గాని, తెలంగాణలోనైతే షీ టీమ్స్‌కు గాని, వేరే ఫోన్ నుంచి చేయవచ్చు. స్త్రీ వాడే ఇంటర్నెట్‌ను, ఈమెయిల్‌ను, ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణను కనిపెట్టి చూడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఫిర్యాదుకు ఆధారం కావాలంటే యాప్ పేరును, దానికి ఉన్న అనుమతులను మరో ఫోన్ కెమెరాతో ఫోటో తీసుకోవాలి. స్క్రీన్‌షాట్ తీస్తే అది గ్యాలరీలోకి చేరి, అక్కడి నుంచి అవతలికి కూడా వెళ్లగలదు.

తొలగించేటప్పుడు Uninstall బటన్ పనిచేయకపోవడం మామూలే. చాలా గూఢచారి యాప్‌లు Device admin apps జాబితాలో తమను చేర్చించుకుంటాయి, అక్కడ నిలిపివేసేదాకా అవి కదలవు. ముందు ఆ జాబితాలో, ఆపైన Accessibilityలో ఆపి, అప్పుడు తొలగించాలి. ఆ పేజీ తెరిచిన వెంటనే దానంతటదే మూసుకుపోతుంటే, యాప్ తన అనుమతితో తానే వెనక్కి నొక్కుతోందని అనుమానించవచ్చు. అప్పుడు ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరవాలి. బయటి యాప్‌లు అందులో నడవవు కాబట్టి తొలగింపు సాఫీగా సాగుతుంది. అదీ కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. దాని తరువాత ఫోటోలు, నంబర్లు మాత్రమే వెనక్కి తెచ్చుకుని, యాప్‌లను ప్లే స్టోర్ నుంచి కొత్తగా పెట్టుకోవడం మేలు.

ఐఫోన్‌లో ఇలాంటి యాప్‌ను దాచిపెట్టడం కష్టం. అక్కడ ఎక్కువగా జరిగేది ఐక్లౌడ్ పాస్‌వర్డ్ తెలుసుకుని బ్యాకప్‌లు చదవడం. ఐఓఎస్ 16 నుంచి ఉన్న Safety Check ద్వారా ఎవరితో ఏమి పంచుకుంటున్నామో చూసి ఆపవచ్చు. ఆండ్రాయిడ్‌లోనూ కొన్నిసార్లు గూఢచారి యాప్ అసలు ఉండదు, వాట్సాప్ Linked devicesలో అవతలివారి కంప్యూటర్ ఉంటుంది, లేదా గూగుల్ ఖాతా వాళ్ల ఫోన్‌లో తెరిచి ఉంటుంది.

పాస్‌వర్డ్‌లను యాప్ పోయిన తరువాతే, లేదా వేరే పరికరం నుంచే మార్చాలి, లేకపోతే కొత్త పాస్‌వర్డ్ కూడా అవతలివారి చేతికి వెళ్లవచ్చు. ఫోన్ లాక్ పిన్‌ను మార్చి, వేలిముద్రల జాబితాలో ఇతరులవి ఉంటే తీసివేసి, ప్లే ప్రొటెక్ట్‌ను మళ్లీ ఆన్ చేయాలి. పాత పిన్ అలాగే ఉంటే, అదే యాప్‌ను మరోసారి పెట్టడానికి అతనికి ఆమె స్నానానికి వెళ్లి వచ్చే సమయం చాలు.