√(x²) ఎలా |x| అయింది: ఋణ అనంతం దగ్గర తప్పుతున్న ఒక గుర్తు వెనుక కథ

x ఋణ అనంతం వైపు పోతున్నప్పుడు √(4x²+1)/(x−3) అవధి ఎంత అని అడిగితే, లెక్క చేయడం బాగా వచ్చినవారు కూడా ఏమరుపాటున 2 అని రాస్తారు. అసలు జవాబు −2. లవంలో ఉన్నది వర్గమూలం కనుక అది ఎప్పుడూ ధన సంఖ్యే. x సున్నా కంటే తక్కువైనప్పుడు హారం x−3 ఋణ సంఖ్య. కాబట్టి ఆ భిన్నం విలువ ఏ దశలోనూ సున్నా దాటి పైకి రాదు. x స్థానంలో −100 పెడితే సుమారు −1.94, −1000 పెడితే సుమారు −1.994 వస్తాయి. ఇంత తేలికగా పట్టుబడే తప్పు మళ్ళీ మళ్ళీ జరగడానికి కారణం √ అనే గుర్తు చరిత్రలోనే ఉంది. ఒకే గుర్తు కొన్ని శతాబ్దాల పాటు రెండు పనులు చేసింది; తరవాత ఒక పని దాని నుంచి తప్పించారు; ఆ తప్పించడానికి చెల్లించిన మూల్యమే √(x²) = |x|.

వర్గమూలాలు రెండు ఉంటాయన్న సంగతి మన దేశంలో చాలా ముందే తెలుసు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, సుమారు 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు రచించిన ‘గణితసారసంగ్రహం’లో ధన సంఖ్య వర్గమైనా ఋణ సంఖ్య వర్గమైనా ధనమేనని, వాటి మూలాలు మాత్రం వరసగా ధనమూ ఋణమూ అవుతాయని, ఋణ సంఖ్య స్వభావరీత్యా వర్గం కాదు కనుక దానికి మూలం లేదని ఒకే శ్లోకంలో ఉంది. తెలుగువారికి ఈ గ్రంథం పరాయిది కాదు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దీన్ని ఆధారం చేసుకునే ‘సారసంగ్రహ గణితము’ను పద్యాల్లో వెలయించాడు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘బీజగణితం’లో ఇదే నియమాన్ని మరింత క్లుప్తంగా చెప్పాడు.

మహావీరుని మాటల్లో ‘వరసగా’ అన్నది గమనించదగ్గది. ధన సంఖ్యను వర్గం చేసి మూలం తీస్తే ధనం, ఋణ సంఖ్యను వర్గం చేసి మూలం తీస్తే ఋణం అని ఆ మాటను అర్థం చేసుకోవచ్చు. అంటే √(x²) = x అన్నట్టే. నేటి విద్యార్థి చేస్తున్న ‘తప్పు’ నిజానికి ఈ పాత అర్థమే. అయితే ఆ అర్థంలో ఒక చిక్కు ఉంది. 25 అనే సంఖ్య మన చేతికి వచ్చినప్పుడు అది 5 నుంచి వచ్చిందా, −5 నుంచి వచ్చిందా అన్న సమాచారం ఆ సంఖ్యలో మిగిలి ఉండదు. వర్గం చేయడంతోనే చిహ్నం చెరిగిపోయింది. చెరిగిపోయిన చిహ్నాన్ని 25ను మాత్రమే చూసి తిరిగి రాబట్టే పద్ధతి ఏదీ ఉండదు. ‘వరసగా’ అన్న నియమం పనిచేయాలంటే ఆ సంఖ్య పుట్టుక మనకు ముందే తెలిసి ఉండాలి.

పని సమీకరణాలు సాధించడానికే పరిమితమై ఉన్నంత కాలం ఈ చిక్కు ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. x² = 25 అన్నదానికి రెండు జవాబులూ కావాలి, రెండూ రాస్తాం, అంతటితో సరి. 1525లో జర్మనీకి చెందిన క్రిస్టాఫ్ రుడాల్ఫ్ తన బీజగణిత గ్రంథంలో √ గుర్తును అచ్చులో వాడాడు. 1637లో దెకార్త్ ఆ గుర్తుకు పైన అడ్డగీత చేర్చి నేటి రూపానికి తెచ్చాడు. గుర్తు స్థిరపడింది కానీ అర్థం స్థిరపడలేదు. 18వ శతాబ్దంలో ఆయిలర్ వర్గమూలం ఉన్న సమాసాలను రెండేసి విలువలు గల ప్రమేయాలుగానే లెక్కించాడు. నేటి నిర్వచనం ప్రకారం అలాంటిది ప్రమేయమే కాదు, ఎందుకంటే ఒక x కు ఒకే విలువ ఉండి తీరాలి.

మార్పు కోషీతో స్పష్టంగా కనబడుతుంది. 1821లో అచ్చయిన తన విశ్లేషణ పాఠ్యగ్రంథంలో ఆయన ఈ రెండు అర్థాలనూ రెండు గుర్తులకు పంచిపెట్టాడు. ఒంటి √ ధన మూలాన్ని మాత్రమే సూచిస్తుంది. మూలాల్లో ఏదైనా కావచ్చునని చెప్పవలసినప్పుడు మూలం గుర్తును జంటగా రాయాలి. జంట గుర్తు కాలక్రమంలో వాడుక నుంచి తొలగిపోయింది. దాని పనిని మనం ± తో నెట్టుకొస్తున్నాం. వర్గ సమీకరణ సూత్రంలో √ ముందు ± ప్రత్యేకంగా రాయవలసి రావడమే ఒంటి √ కి ఒక్క విలువే ఉందనడానికి రుజువు. దానికి రెండు విలువలూ ఉంటే ± అక్కడ అనవసరం.

ఈ ఒప్పందం ఒప్పుకున్న మరుక్షణం √(x²) ఏమిటన్నది మన చేతిలో ఉండదు. x = −7 అయితే x² = 49, √49 = 7, అంటే −x. x సున్నా గానీ ధనం గానీ అయితే అది x. ఈ రెండింటినీ కలిపి చెప్పేదే పరమ మూల్యం. దీనికి నేడు మనం వాడే రెండు నిలువు గీతల గుర్తును వైయర్‌స్ట్రాస్ 1841లో రాసిన ఒక వ్యాసంలో వాడాడు. ఆ వ్యాసం అచ్చయింది మాత్రం చాలా దశాబ్దాల తరవాతే. −x అన్నది చూడగానే ‘ఇది ఋణం కదా, మూలం ఎలా అవుతుంది’ అని తటపటాయించేవారు చాలామంది. x ఋణమైనప్పుడు −x ధనమే. ముందున్న గీతను చిహ్నంగా కాక ‘వ్యతిరేకం తీసుకో’ అన్న ఆదేశంగా చదివితే ఆ తటపటాయింపు పోతుంది.

ఈ ఒప్పందానికి ఎంత బలం ఉందో కోషీయే 1844లో ఒక చిన్న ఉదాహరణతో చూపించాడు. ఆయిలర్ 1748 నాటి గ్రంథంలో ఒకే సూత్రంతో రాయగలిగినదాన్ని అవిచ్ఛిన్న ప్రమేయమని, ముక్కలుగా వేర్వేరు సూత్రాలతో రాయవలసినదాన్ని విచ్ఛిన్న ప్రమేయమని వర్గీకరించాడు. కోషీ అడిగినది ఇది: x ధనమైతే x, ఋణమైతే −x అని రెండు ముక్కలుగా చెప్పిన ప్రమేయం ఆయిలర్ లెక్కలో విచ్ఛిన్నం, కానీ అదే ప్రమేయాన్ని √(x²) అని ఒకే సూత్రంగా రాయవచ్చు, అప్పుడది అవిచ్ఛిన్నం. ఒకే వస్తువు రాసే తీరును బట్టి రెండు జాతులకు ఎలా చెందుతుంది? దానితో అవిచ్ఛిన్నత అన్నది సూత్రం ఆకారానికి సంబంధించిన విషయం కాదని తేలిపోయింది. మనకిక్కడ కావలసిన విషయం మరొకటి. చూడడానికి ఒకే సూత్రంలా కనబడే √(x²) లోపల రెండు సూత్రాలు దాక్కుని ఉన్నాయి. సున్నాకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ధన అనంతం వైపు వెళ్ళేవాడికి మొదటిది, ఋణ అనంతం వైపు వెళ్ళేవాడికి రెండోది వర్తిస్తుంది.

అవధి లెక్కలో ఈ రెండో సూత్రం ఎక్కడ జారిపోతుందో చూద్దాం. √(4x²+1)/(x−3) లో లవహారాలను x తో భాగించమని అందరికీ నేర్పుతారు. హారం 1−3/x అవుతుంది, అందులో తప్పు లేదు. లవాన్ని x తో భాగించేటప్పుడు ఆ x ను మూలం లోపలికి x² గా పంపి √(4+1/x²) అని రాసేస్తారు. జారేది సరిగ్గా ఇక్కడే. x ను మూలం లోపలికి పంపాలంటే x = √(x²) అయి ఉండాలి; x ఋణమైనప్పుడు అది నిజం కాదు, x = −√(x²) మాత్రమే నిజం. కాబట్టి లవం −√(4+1/x²) కావాలి, అవధి −2 కావాలి. ధన అనంతం వైపు అదే ప్రమేయానికి అవధి 2. అంటే దాని రేఖాచిత్రానికి y = 2, y = −2 అనే రెండు క్షితిజ సమాంతర అనంత స్పర్శరేఖలు ఉంటాయి.

విద్యార్థికి ఈ రెండు వేర్వేరు జవాబులు వింతగా తోచడానికి మరో కారణం కూడా ఉంది. అంతకు ముందు అతడు చేసిన లెక్కల్లో చాలావరకు రెండు బహుపదుల భాగఫలాలే. వాటికి ఒక చివర పరిమితమైన అవధి ఉంటే రెండో చివర కూడా అదే అవధి ఉంటుంది, కనుక ‘అనంతం’ అంటే సరిపోయేది, ఏ అనంతమో పట్టించుకోనక్కర లేకపోయేది. ఆ అలవాటు వర్గమూలం రాగానే చెల్లదు.

చిహ్నం తప్పడం ఒక్కటే అయితే చివర్లో సరిచూసుకుని దిద్దుకోవచ్చు. కొన్ని లెక్కల్లో నష్టం అంతకంటే పెద్దది. x ఋణ అనంతం వైపు పోతున్నప్పుడు √(x²+6x) + x అవధి కావాలనుకుందాం. మొదటి పదం ధన అనంతానికి, రెండోది ఋణ అనంతానికి పోతాయి కనుక నేరుగా ఏమీ చెప్పలేం. √(x²+6x) − x తో గుణించి భాగిస్తే లవంలో 6x మిగులుతుంది, హారం √(x²+6x) − x అవుతుంది. ఇప్పుడు మూలం లోపలి నుంచి x² ను బయటికి తీస్తే అది |x|, అంటే ఇక్కడ −x. హారం −x√(1+6/x) − x, అంటే −x(√(1+6/x)+1). x కొట్టివేస్తే −6/(√(1+6/x)+1) మిగిలి, అవధి −3 అవుతుంది.

అదే చోట x² ను x గా బయటికి తీసినవాడికి హారం x(√(1+6/x)−1) వస్తుంది. అతడి భిన్నం 6/(√(1+6/x)−1) గా మారి, హారం సున్నాకు దగ్గరై, ఋణ అనంతమే జవాబని తేలుతుంది. −3 ఎక్కడ, ఋణ అనంతం ఎక్కడ! ఒక్క చిహ్నం వల్ల కూడిక తీసివేతగా మారి, పరిమితమైన అవధి మాయమైంది. x = −100 పెట్టి చూస్తే √9400 సుమారు 96.954, దానికి −100 కలిపితే −3.046. x = −1000 అయితే −3.0045. ఈ రెండు సంఖ్యలూ చాలు ఏ జవాబు నిలుస్తుందో తేల్చడానికి.

ఈ బాధ తప్పించుకోవాలనుకునేవారు మొదట్లోనే x = −t అని పెట్టి, t ని ధన అనంతం వైపు పంపుతారు. అప్పుడు పై లెక్క √(t²−6t) − t అవుతుంది; t ధనం కనుక √(t²) = t అని నిస్సందేహంగా రాయవచ్చు. పరమ మూల్యం ఇందులో ఎక్కడికీ పోలేదు, −t రూపంలో మొదటి వరసలోనే లెక్కకు వచ్చేసింది. రెండు పద్ధతుల్లో ఇదే ఎక్కువ సురక్షితమని నా అభిప్రాయం. |x| పద్ధతిలో ప్రతి మూలం దగ్గరా గుర్తుపెట్టుకోవాలి, ఇందులో ఒక్కసారి గుర్తుంటే చాలు.

అలాగని మూలం కనబడిన ప్రతిచోటా ఋణ చిహ్నం తగిలించడం ఇంకో తప్పుకు దారి తీస్తుంది. √(x⁴) అన్నది x² మాత్రమే, ఎందుకంటే x² ఎన్నడూ ఋణం కాదు. |x²| అని రాసినా తేడా ఉండదు. √(x⁶) మాత్రం |x³|, అంటే ఋణ అనంతం వైపు −x³. ఘనమూలం సంగతి పూర్తిగా వేరు. ఘనం చేసినప్పుడు చిహ్నం చెరిగిపోదు, −2 ఘనం −8 గానే ఉంటుంది, కనుక x³ ఘనమూలం ఏ వైపున చూసినా x.