చదివినప్పుడు వచ్చేసినట్టు ఉండటం వేరు, రావడం వేరు: స్వీయ పరీక్షపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు ట్యూషన్లలో పరీక్షల ముందు రోజూ వినే మాట ఒకటుంది: "చదివీసేను మాస్టారూ, అంతా వచ్చీసింది." పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. పుస్తకం ఎదురుగా ఉన్నంతసేపూ వాళ్ళకి నిజంగానే అలా అనిపిస్తుంది. తీరా పేపరు చేతికొచ్చాక చెయ్యి ఆగిపోతుంది. ఇంటికొచ్చి ఏడుస్తారు, పెద్దవాళ్ళు "శ్రద్ధ లేదు" అంటారు. చాలాసార్లు లోపం శ్రద్ధలో ఉండదు. ఏది వచ్చో ఏది రాదో కొలిచే పద్ధతి తప్పుగా ఉంటుంది.

అపోహ: నాలుగుసార్లు చదివితే, ఐదోసారి చదువుతున్నప్పుడు అన్నీ తెలిసినట్టు ఉంటే, వచ్చినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోగొట్టే అపోహ ఇదే. నాలుగోసారి చదివేసరికి వాక్యాలు కంటికి అలవాటవుతాయి, చదువు నున్నగా సాగిపోతుంది. ఆ నున్నదనాన్నే మనసు 'వచ్చు' అని లెక్కేసుకుంటుంది. 2006లో అమెరికాలో మనస్తత్వవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ దీన్ని పరీక్షించారు. ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన గుంపుకు 83 శాతం, రాసిన గుంపుకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత అది తలకిందులై 40, 61 అయింది. అయినా బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మాత్రం చదివిన గుంపే.

మన పిల్లలకు దీని మీద ఇంకో పొర ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాఠం తెలుగులో అర్థమైపోతుంది, పరీక్ష ఒడియాలో రాయాలి. మన పరావర్తనం అక్కడ 'ప్రతిఫలన', వక్రీభవనం 'ప్రతిసరణ'. మన పుటాకార దర్పణం అక్కడ 'అవతల దర్పణ', కుంభాకారం 'ఉత్తల'. నీళ్ళలో పెట్టిన పుల్ల ఎందుకు వంగినట్టు కనిపిస్తుందో తెలుగులో చక్కగా చెప్పే పిల్ల, ఒడియా ప్రశ్నలో 'ప్రతిసరణ' అన్న మాట చూసి పరావర్తన సూత్రాలు రాసి వస్తుంది. అర్థమైందన్న ధీమా ఒక భాషలో పుట్టింది, పరీక్ష ఇంకో భాషలో జరిగింది. అందుకే సొంతంగా పెట్టుకునే క్విజ్ ప్రశ్నలు పరీక్ష భాషలోనే ఉండాలి, జవాబులూ అందులోనే రాయాలి.

అపోహ: క్విజ్ పెట్టుకుంటే మార్కు తెలుస్తుంది కదా, ప్రతి ప్రశ్న పక్కన ఎంత నమ్మకమో అంకె రాయడం దేనికి?

వాస్తవం: మార్కు ఎంత వచ్చిందో చెబుతుంది. రివిజన్‌లో ఏది వదిలేస్తున్నారో చెప్పదు. పరీక్ష ముందు వారంలో పిల్లలు 'వచ్చు' అనుకున్నవి పక్కన పెడతారు. ఆ పక్కన పెట్టిన వాటిలోని తప్పులే హాల్లో బయటపడతాయి.

పద్ధతి ఇది. పాఠం చదివిన మర్నాడు, పుస్తకం మూసి, 20 ప్రశ్నలు తీసుకోండి. ప్రతి ప్రశ్న చదవగానే, జవాబు రాయకముందే, సరిగా వస్తుందన్న నమ్మకం ఎంత శాతమో పక్కన 25, 50, 75, 100లో ఒక అంకె వెయ్యాలి. రాశాక వేస్తే అది రాసిన జవాబును మెచ్చుకోవడమే అవుతుంది. ఆ తర్వాత జవాబు పూర్తిగా రాయాలి, మనసులో అనుకుంటే చెల్లదు. మర్నాడు అన్నది కూడా ఊరికే పెట్టింది కాదు. చదివిన వెంటనే వేసుకున్న అంచనా కంటే, కొంత వ్యవధి తర్వాత జవాబు కనబడకుండా వేసుకున్న అంచనా చాలా సరిగా ఉంటుందని 1991లో నెల్సన్, డన్లోస్కీ మాటల జతలతో చేసిన ప్రయోగంలో తేలింది. వెంటనే అయితే జవాబు ఇంకా మనసులో తడి ఆరకుండానే ఉంటుంది.

వెలుగు పాఠం మీద పదో తరగతి అమ్మాయి కాగితం ఒకటి తీసుకుందాం. 100 వేసినవి 8, అందులో సరైనవి 5. 75 వేసినవి 6, సరైనవి 3. 50 వేసినవి 4, సరైనవి 2. 25 వేసినవి 2, రెండూ తప్పు. నమ్మకం సగటు 75 శాతం, వచ్చిన మార్కు 20కి 10, అంటే 50 శాతం. తేడా 25. ఈ తేడా తెలియడం మంచిదే, కానీ చూడాల్సిన చోటు అది కాదు. 50 వేసిన చోట సగం సరిగానే వచ్చాయి, అక్కడ ఆమె అంచనాకు వంక లేదు. 100 వేసి తప్పిన మూడింటి దగ్గర ఆగాలి. క్విజ్ లేకపోతే ఆమె ఆ మూడింటి ముఖం మళ్ళీ చూసేది కాదు.

అందులో ఒకటి పైన చెప్పిన 'ప్రతిసరణ' తప్పు. రెండోది, పుటాకార దర్పణానికీ దాని నాభికీ మధ్య వస్తువు పెడితే ప్రతిబింబం ఎలా ఉంటుందన్న ప్రశ్న. ఆమె నిజ ప్రతిబింబం, తలకిందులు అని రాసింది. అది మిథ్యా ప్రతిబింబం, నిటారుగా, పెద్దదిగా ఉంటుంది. మూడోది పుటాకార దర్పణం మీదే లెక్క: నాభ్యంతరం 15 సెం.మీ., వస్తు దూరం 10 సెం.మీ. 1/v + 1/u = 1/f సూత్రం సరిగానే రాసింది, గుర్తులు వెయ్యలేదు. u = −10, f = −15 వేస్తే v = +30, అంటే ప్రతిబింబం అద్దం వెనక. గుర్తులు లేకుండా చేస్తే −30 వచ్చింది, "అద్దం ముందు" అని రాసింది. దిద్దుకునేటప్పుడు పుస్తకంలో 30 కనబడగానే మొదట తనకు తానే సరి అని టిక్కు పెట్టుకుంది కూడా.

సొంత దిద్దుబాటులో జారిపోయేది ఇక్కడే. జవాబు చూడగానే "నేనూ ఇదే అనుకున్నా" అనిపిస్తుంది. అందుకని ప్రతి ప్రశ్నకూ ఉండాల్సిన రెండు మూడు ముఖ్యాంశాలు ముందే వేరే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఈ లెక్కకైతే సంఖ్య, గుర్తు, అద్దానికి ఏ వైపు అన్న మూడూ ఉంటేనే సరి. తోబుట్టువు చేతనో స్నేహితురాలి చేతనో దిద్దించుకుంటే ఇంకా మేలు.

రెండో తప్పుకూ మూడో తప్పుకూ మూలం ఒకటే అని గమనించారా? వస్తువు నాభి లోపల ఉన్నప్పుడు ఏమవుతుందో ఆమెకు పట్టుబడలేదు. మొత్తం పాఠం మళ్ళీ చదవక్కర్లేదు. ఆ ఒక్క కిరణ చిత్రం చూడకుండా మూడుసార్లు గీసి, గుర్తులతో రెండు లెక్కలు చేస్తే పని అవుతుంది.

వారం తర్వాత అదే పాఠం మీద మార్చిన ప్రశ్నలతో ఆమె నమ్మకం సగటు 65, మార్కు 20కి 12, అంటే 60 శాతం. మార్కు పెరిగింది రెండే. కానీ 100 వేసిన ఐదూ సరిగా వచ్చాయి. ఇప్పుడు ఆమె 'ఇది వచ్చు' అని వదిలేస్తే ఆ మాట నమ్మవచ్చు.

అపోహ: అయితే అన్నిటికీ తక్కువ అంకె వేసుకుంటే తేడా రాదు.

వాస్తవం: అన్నిటికీ 50 వేసి సగం మార్కులు తెచ్చుకుంటే తేడా సున్నా, ఉపయోగమూ సున్నా. వచ్చిన వాటికి ఎక్కువ, రాని వాటికి తక్కువ అంకె పడితేనే ఏది ముందు చదవాలో తెలుస్తుంది.

అపోహ: తప్పు జవాబు రాస్తే ఆ తప్పే మనసులో నాటుకుపోతుంది.

వాస్తవం: భయపడే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. దిద్దకుండా వదిలేస్తేనే ఆ ప్రమాదం. గట్టి నమ్మకంతో చేసిన తప్పు, సరైన జవాబు చూపిస్తే నమ్మకం లేని తప్పు కంటే బాగా సరిదిద్దుకుంటుందని 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ చూపించారు. కాబట్టి దిద్దడం అదే పూట జరగాలి.

నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలైతే గుడ్డిగా పెట్టినా సగటున 25 శాతం వస్తాయి, అందుకే అక్కడ 25 అంటే 'ఏమీ తెలీదు' అని అర్థం. ఇంకొక్క మాట, ఒక్క క్విజ్‌లో 100 వేసినవి ఎనిమిదే ఉంటే ఆ శాతం మీద తీర్పు చెప్పకండి. ఒక్క ప్రశ్న అటూ ఇటూ అయినా 12 శాతం పైగా మారిపోతుంది. నోటుబుక్కు చివరి పేజీలో నాలుగు గీతలు గీసి, ఒక్కో అంకెకు ఎన్ని వేశారో ఎన్ని సరయ్యాయో సబ్జెక్టు వారీగా నెల రోజులు కలుపుకుంటూ పొండి. గణితంలో సరిగా అంచనా వేసే పిల్లే చరిత్రలో వరసగా ఎక్కువ వేసుకుంటోందని అప్పుడు కనబడుతుంది.